పంపు దగ్గర పెట్రోలు ఒలికిన సంఘటనపై నేను రాసిన నివేదిక: ఎన్ని లీటర్లని రాయాలి?

సన్యాసిరావు, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి నుంచి పాతపట్నం వెళ్లే దారిలో ఉన్న ఒక పెట్రోలు బంకులో నేను నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. గత మంగళవారం సాయంత్రం నేను చూసుకుంటున్న పంపు దగ్గరే పెట్రోలు నేలపాలైంది. నిప్పు అంటుకోలేదు, ఎవరికీ గాయం కాలేదు. అయినా జరిగినదంతా రాసి ఇమ్మని మేనేజరు గారు అడిగారు. ఆయనకు తెలుగు చదవడం రాదు కనుక నేను రాసిన దానిని మా బావమరిది ఒడియాలోకి మారుస్తాడు. అంతకుముందు ఈ పని తెలిసినవారు ఒకసారి చదివి తప్పులు చెబితే సరిదిద్దుకుంటాను. నేను రాసినది ఇది.

"సాయంత్రం 6 గంటల 40 నిమిషాల ప్రాంతంలో ఆంధ్ర నంబరు ఉన్న ఒక చిన్న కారు రెండవ పంపుకు వచ్చింది. అటువైపు కంటే ఇక్కడ ధర తక్కువ కావడంతో అలాంటి బళ్లు ఎక్కువగా ఫుల్ ట్యాంకు కొట్టించుకుంటాయి. ఈ కారాయన కూడా అదే అడిగారు. సున్నా చూపించి నాజిల్ పెట్టాను. వెనుక బైకులు ఆగి ఉండటంతో కారు ట్యాంకు మూతనే నాజిల్ మీట సందులో ఇరికించి, ఒక బైకాయన దగ్గర డబ్బు తీసుకోవడానికి నాలుగడుగులు పక్కకు వెళ్లాను. ట్యాంకు నిండాక నాజిల్ తనంతట తాను ఆగలేదు. పెట్రోలు ఉబికి కారు పక్కనుంచి కారడం చూసి డ్రైవరు గారు నాజిల్‌ను బయటకు లాగారు. మూత ఇంకా ఇరుక్కునే ఉండటంతో అది నేలమీద పారుతూనే ఉంది. నేను పరుగెత్తి వచ్చి మూత లాగేశాను. అప్పటికి మీటరు 41.86 లీటర్లు చూపిస్తోంది. సుమారు 5 లీటర్లు ఒలికి ఉంటుంది. జనాన్ని దూరంగా పంపించి, మూడు బకెట్ల ఇసుక చల్లి, తరువాత సబ్బు పొడి వేసి నీళ్లు కొట్టి కడిగాము. అరగంట తరువాత పంపును మళ్లీ నడిపాము."

5 లీటర్లన్నది మేనేజరు గారు చెప్పిన అంకె. అంతకంటే ఎక్కువే పోయిందని నా మనసుకు అనిపిస్తోంది, కానీ దానిని చూపించడం ఎలాగో తెలియడం లేదు.

హరిప్రసాద్, బరంపురం

దీనికి పెద్ద లెక్క అవసరం లేదు, సన్యాసిరావు గారూ. ఆ కారు ఏ మోడలో మీకు తెలుసు కదా. చిన్న కార్లలో చాలావాటికి ట్యాంకు సామర్థ్యం 35 లీటర్లు ఉంటుంది. మీటరు 41.86 చూపించింది కనుక అందులోంచి 35 తీసేస్తే 6.86 లీటర్లు మిగులుతుంది. అదే ఒలికినది. మీ మేనేజరు గారు చెప్పిన 5 తక్కువ, మీరు భయపడుతున్నంత ఎక్కువా కాదు.

మరొక మాట. మూతను ఇరికించడం వల్లనే ఆటోమేటిక్‌గా ఆగే ఏర్పాటు పనిచేయకుండా పోయింది. నివేదికలో ఆ కారణం స్పష్టంగా రాయండి. అలాగే ఆ సమయంలో ఎవరైనా ఫోనులో మాట్లాడుతున్నారా అన్నది కూడా రాయాలి, ఎందుకంటే అసలు ప్రమాదం అదే.

సన్యాసిరావు, పర్లాకిమిడి

కారు ట్యాంకు 35 లీటర్లదే, డ్రైవరు గారే చెప్పారు. అయితే 6.86 అని రాసేయమంటారా?

జగన్నాథం, రాయగడ

అలా రాయకండి బాబూ, ఒక్క క్షణం ఆగండి. నేను ఒక చమురు డిపోలో భద్రతా విభాగంలో ముప్ఫై ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. హరిప్రసాద్ గారి తీసివేత సరిగ్గానే ఉంది, కానీ ఆ తీసివేతకు పెట్టుకున్న ఆధారమే నిలవదు. 35 నుంచి మొదలుపెట్టాలంటే ఆ కారు ట్యాంకు చుక్క లేకుండా ఎండిపోయి బంకుకు వచ్చి ఉండాలి. అలా వచ్చే కారు నడవదు కదా. రిజర్వులో పడ్డాక కూడా లోపల నాలుగైదు లీటర్లు ఉంటుంది. అంటే మీరు పోసిన దానిలో ట్యాంకులోకి వెళ్లింది 35 కంటే తక్కువ, నేలమీద పడింది 6.86 కంటే ఎక్కువ. ఇక కంపెనీ పుస్తకంలో రాసే సామర్థ్యానికీ, మూతి వరకు నింపితే పట్టే దానికీ కూడా తేడా ఉంటుంది. ఇన్ని తెలియనివాటిమీద కట్టిన అంకెను రెండు దశాంశ స్థానాల వరకు రాస్తే, చదివేవారికి అది కొలిచిన అంకెలా కనబడుతుంది. నివేదికలో జరగకూడనిది అదే.

మీ దగ్గర ఇంతకంటే మంచి సాక్ష్యం ఉంది. మీ బంకులో కెమెరా ఉండే ఉంటుంది. నాజిల్ ట్యాంకులోంచి బయటకు వచ్చిన క్షణం నుంచి మీరు మూత లాగిన క్షణం వరకు ఎన్ని సెకన్లో అందులో చూడండి. తరువాత కొలత తనిఖీకి వాడే 5 లీటర్ల పాత్ర తీసుకుని, అదే నాజిల్‌తో, మీట అంతే తెరిచి, అది నిండటానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడండి. ఈ రెండూ తెలిస్తే గుణకారమే మిగులుతుంది. ఆ సమయంలో పక్క నాజిల్ కూడా నడుస్తూ ఉందా లేదా అన్నది మరువకండి. రెండూ ఒకే మోటారు మీద నడుస్తుంటే ధార తగ్గుతుంది కనుక, ఆ రోజు ఎలా ఉందో అలాగే పెట్టి కొలవాలి.

రెండవ దారి నేలమీద మరక. ఒక చదరపు మీటరు నేలమీద ఒక మిల్లీమీటరు మందాన నిలిచిన ద్రవం సరిగ్గా ఒక లీటరు అవుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే ఏ మడుగునైనా చూసి అంచనా వేయవచ్చు. మామూలు కాంక్రీటు మీద పెట్రోలు రెండు మిల్లీమీటర్ల మందాన పరుచుకుందనుకుని లెక్క కట్టండి. వాలు ఉంటే అది కొంత తప్పుతుంది, అయినా మొదటి లెక్కను సరిచూసుకోవడానికి పనికి వస్తుంది.

మూత ఇరికించడం గురించి హరిప్రసాద్ గారు అన్నది సగమే నిజం. నాజిల్ మూతి చివర ఒక చిన్న రంధ్రం ఉంటుంది. ధార పారుతున్నంతసేపు దానిగుండా గాలి లోపలికి పీల్చబడుతుంది. ట్యాంకు నిండి పెట్రోలు ఆ రంధ్రాన్ని మూసినప్పుడు గాలి అందక, లోపలి పొర లాగబడి, మీటకూ వాల్వుకూ ఉన్న పట్టు విడిపోతుంది. మీటను చేత్తో పట్టుకున్నా, మూతతో ఇరికించినా ఆ పట్టు విడిపోవలసిందే. అది విడిపోలేదంటే రంధ్రంలో మట్టి పట్టి ఉండాలి, లేదా లోపలి పొర చెడి ఉండాలి. కనుక మీ దగ్గర జరిగినవి రెండు తప్పులు. నాజిల్ ముందే చెడి ఉండటం ఒకటి, దానిని విడిచి మీరు పక్కకు వెళ్లడం రెండవది. మొదటిది రాయకుండా రెండవదే రాస్తే రేపు ఆ నాజిల్ మరొకరి చేతిలో ఇదే పని చేస్తుంది.

సన్యాసిరావు, పర్లాకిమిడి

మాస్టారూ, మీరు చెప్పినట్టే ఈ రోజు పొద్దున్న రద్దీ లేని వేళ కొలిచి చూశాను. కెమెరాలో నాజిల్ బయటకు వచ్చినది 6 గంటల 41 నిమిషాల 12వ సెకనుకు, నేను మూత లాగినది 31వ సెకనుకు. అంటే 19 సెకన్లు. నాకు అది ఐదారు సెకన్లలా అనిపించింది. 5 లీటర్ల పాత్ర నిండటానికి ఎనిమిదిన్నర సెకన్లు పట్టింది. పక్క నాజిల్ కూడా నడిపితే తొమ్మిదిన్నర పట్టింది. ఆ రోజు పక్కన బైకుకు పోస్తూ ఉన్నారు కానీ మొత్తం 19 సెకన్లూ నడిచిందో లేదో కెమెరాలో సరిగ్గా తెలియడం లేదు.

మొదటి లెక్కన 11 లీటర్ల పైచిలుకు, రెండవ లెక్కన 10 లీటర్లు వస్తోంది. మరక ఆనవాలు ఇంకా కొంత కనిపిస్తోంది. అడుగులతో కొలిస్తే నాలుగున్నర చదరపు మీటర్ల వరకు ఉంది. అంటే 9 లీటర్లు.

నాజిల్‌ను పాత్రలో ముంచి కూడా చూశాను. మూతి పెట్రోలులో మునిగినా ఆగలేదు. మూడుసార్లు చూస్తే ఒక్కసారి ఆగింది. ఇది చూసి నాకు చెమట పట్టింది.

జగన్నాథం, రాయగడ

చాలా మంచి పని చేశారు. ఆ నాజిల్‌ను వెంటనే పక్కన పెట్టించండి. మూడింటిలో ఒక్కసారి ఆగేది, ఆగని దానికంటే ప్రమాదం, ఎందుకంటే అది బాగానే ఉందని మనం నమ్ముతూ ఉంటాము.

ఇప్పుడు మీ అంకెలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో చూడండి. 41.86లోంచి 11 తీసేస్తే కారులోకి వెళ్లింది 31 దాకా ఉంటుంది. రిజర్వులో నాలుగు లీటర్లు ఉన్నదనుకుంటే మొత్తం 35. హరిప్రసాద్ గారు చెప్పిన ట్యాంకు లెక్క కూడా చివరకు ఇక్కడికే వచ్చి చేరింది. మరక లెక్క కాస్త తక్కువ రావడం సహజమే. కొంత ఆవిరైపోయింది, కొంత వాలులో జారిపోయింది. నివేదికలో "10 నుంచి 12 లీటర్ల మధ్య" అని రాసి, కింద ఆ సెకన్ల లెక్కను ఒక వాక్యంలో పెట్టండి. నాజిల్ బయటకు రాకముందు కారు పక్కనుంచి కారినది ఇందులో చేరలేదని కూడా రాయండి.

లక్ష్మి, గుణుపురం

నేను మా ఊరి బంకులో లెక్కలు చూస్తాను. ఒక విషయం చెప్పాలి. ఈ ఒలికిన పెట్రోలు మీ స్టాకు లెక్కలో ఎక్కడా తరుగుగా కనిపించదు. అది మీటరు గుండానే బయటకు వచ్చింది కనుక అమ్మకం కిందే నమోదవుతుంది. కర్రతో ట్యాంకు లోతు కొలిచి చూద్దామన్నా ప్రయోజనం లేదు. ఇరవై వేల లీటర్ల ట్యాంకు సగం దగ్గర ఉన్నప్పుడు ఒక మిల్లీమీటరుకే పది, పదిహేను లీటర్ల దాకా ఉంటుంది. కర్రమీద ఒక మిల్లీమీటరు తేడాను ఎవరూ చదవలేరు. తేడా వచ్చేది గల్లాపెట్టెలోనే. కారాయన ఎంతకు డబ్బు ఇచ్చారు?

సన్యాసిరావు, పర్లాకిమిడి

30 లీటర్లకు ఇచ్చారు, అమ్మా. మిగిలినది నా జీతంలో పట్టుకుంటామని అంటున్నారు. 5 లీటర్లని రాస్తే తక్కువ పట్టుకుంటారని కూడా ఒకరు సలహా ఇచ్చారు. కానీ డబ్బు కోసం అంకె మార్చడం నాకు ఇష్టం లేదు.

దుర్గారావు, జయపురం

నేను లారీ నడుపుతాను. మా దగ్గర కూడా ఇలాగే జరిగింది. ఘాటు దిగాక ఒక బంకులో నా లారీకి పోస్తుంటే పెద్ద గొట్టం జారి డీజిల్ చాలా పోయింది. ఎవరూ కంగారు పడలేదు. రంపపు పొట్టు చల్లి, ఊడ్చి, పావుగంటలో బండి తీశాము. ఒక బైకు మాత్రం ఆ జిడ్డు మీద జారి పడింది. కనుక ముందుగా రాయవలసింది జారిపడే ప్రమాదం. అంటుకోవడం గురించి ఇంత చర్చ ఎందుకో నాకు అర్థం కాలేదు. అగ్గిపుల్ల వేసినా డీజిల్ అంత తొందరగా అంటుకోదు.

జగన్నాథం, రాయగడ

దుర్గారావు గారూ, మీరు చూసినది డీజిల్, ఇక్కడ ఒలికినది పెట్రోలు. రెండూ ఒకే బంకులో ఉన్నా వాటి స్వభావం వేరు. మామూలు వేడిలో డీజిల్ మీద అంటుకునేంత ఆవిరి లేవదు. పెట్రోలు అయితే గడ్డకట్టే చలిలో కూడా, సున్నాకు నలభై డిగ్రీలు కిందికి పోయినా, అంటుకునే ఆవిరిని ఇస్తుంది. చట్టం కూడా ఈ రెండింటినీ వేరు తరగతుల్లో పెట్టింది. డీజిల్ దగ్గర జారుడు ముందు, నిప్పు తరువాత అన్న మీ వరస సరైనదే. పెట్రోలు దగ్గర ఆ వరస తిరగబడుతుంది.

సన్యాసిరావు గారి నివేదికలో నాకు వెలితిగా కనిపించినది నిప్పు భాగమే. అక్కడ "జనాన్ని దూరంగా పంపించాము" అన్న ఒక్క మాటే ఉంది. నేలమీద కనిపించే తడి కంటే, కనిపించని ఆవిరి ఎంత దూరం పోయిందన్నది ముఖ్యం. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా ఆవిరైతే సుమారు రెండు వందల లీటర్ల ఆవిరి అవుతుంది. గాలిలో అది నూటికి ఒకటిన్నర పాళ్లు కలిసినా చాలు, అంటుకోగలదు. ఆ లెక్కన ఒక్క లీటరు, పదడుగుల పొడవు పదడుగుల వెడల్పు ఉన్న గదిని ఛాతీ ఎత్తు వరకు అంటుకునే గాలితో నింపగలదు. ఆరుబయట అలా నిలవదు, గాలికి చెదిరిపోతుంది. కానీ ఆ ఆవిరి గాలికంటే మూడు, నాలుగు రెట్లు బరువు కనుక పైకి పోకుండా నేలను పట్టుకుని పల్లానికి పాకుతుంది. గాలి లేని సాయంత్రం అయితే మరీ. నీళ్లు ఎటు పారతాయో అటే అదీ పోతుంది.

అందుకే నాకు మూడు విషయాలు తెలియాలి. ఆ సమయంలో గాలి ఉందా? మీ ఆవరణ వాలు ఎటువైపు? మడుగుకు దగ్గరలో ఏ ఇంజను నడుస్తూ ఉంది, లేదా ఏది స్టార్ట్ అయింది?

సన్యాసిరావు, పర్లాకిమిడి

గాలి దాదాపు లేదు. వాలు రోడ్డు వైపు, కాలువలోకి. ఇంజను విషయం నేను నివేదికలో రాయలేదు, ఇప్పుడు చెబుతాను. నేను డబ్బు తీసుకున్న బైకాయన, గొడవ చూసి కంగారుపడి, అక్కడే స్టార్ట్ చేసి వెళ్లిపోయారు. కెమెరాలో చూస్తే తడి అంచు నుంచి ఆయన బండి రెండు మీటర్ల దూరంలో, అదీ పల్లం వైపే ఉంది. కారాయన కూడా కారు తీయడానికి తాళం తిప్పబోయారు. నేను అరిచి ఆపాను. నలుగురం కలిసి కారును వెనక్కి తోశాము.

జగన్నాథం, రాయగడ

కారును స్టార్ట్ చేయనివ్వకుండా తోయడం, ఆ సాయంత్రం మీరు చేసిన పనులన్నిటిలోకీ సరైనది. దానిని తప్పకుండా రాయండి. బైకు స్టార్ట్ అయిన క్షణం అన్నిటికంటే ప్రమాదకరమైనది. మొదటి రెండు మూడు నిమిషాల్లో పెట్రోలులోని తేలిక భాగాలు ముందుగా ఆవిరవుతాయి కనుక ఆవిరి అప్పుడే అత్యంత దట్టంగా ఉంటుంది. సరిగ్గా అదే సమయంలో, పల్లం వైపు, నేలకు ఒక అడుగు ఎత్తులో, స్టార్టర్ మోటారు రవ్వలు లేచే యంత్రం ఒకటి తిరిగింది. అది అంటుకోలేదంటే ఆవిరి ఇంకా అంత దూరం చేరకపోయి ఉండవచ్చు, లేదా మరేదైనా కావచ్చు. ఎందుకో మనం చెప్పలేము. అంటుకోలేదు కనుక అక్కడ ఆవిరి లేదు అని మాత్రం రాయకూడదు.

హరిప్రసాద్, బరంపురం

మాస్టారూ, ఇంత చెప్పి ఫోను గురించి ఒక్క మాటా అనలేదు. ప్రతి బంకులోనూ ఫోను వాడరాదని బోర్డు ఉంటుంది కదా. అక్కడ జనం వీడియోలు తీసి ఉంటారు.

జగన్నాథం, రాయగడ

బోర్డు ఉన్నంతకాలం పాటించవలసిందే, నేను కాదనను. కానీ మామూలు ఫోను వల్లనే బంకులో నిప్పు పుట్టిందని రుజువైన సంఘటన నా ఉద్యోగకాలంలో ఒక్కటీ నా ముందుకు రాలేదు. నా ముందుకు వచ్చినవన్నీ నడుస్తున్న ఇంజన్లు, వదులైన బ్యాటరీ తీగలు, బీడీలు, దగ్గరి పొయ్యిలు, బట్టల రాపిడితో పుట్టిన విద్యుత్తు. ఫోను మీదే చూపు పెట్టి నిలబడితే, పక్కన బైకు స్టార్ట్ అవుతున్నది కనిపించదు. ఫోనుతో నా అసలు ఫిర్యాదు వేరే. వీడియో తీసేవాడు దూరంగా పోకుండా మడుగు దగ్గరికి వస్తాడు.

వేడి సైలెన్సరు గురించి కూడా చాలామంది భయపడతారు. ప్రమాదం లేదనను, కానీ ఆరుబయట వేడి లోహం మీద పడిన పెట్రోలు చాలాసార్లు అంటుకోకముందే ఆవిరై ఎగిరిపోతుంది. రవ్వ దానికంటే చాలా సులువుగా అంటిస్తుంది.

బట్టల సంగతి అడగడం మరిచాను. మీ మీద పడిందా?

సన్యాసిరావు, పర్లాకిమిడి

మోకాళ్ల కింద ప్యాంటు తడిసింది, కారాయనది కూడా. అలాగే పనిచేశాను. రాత్రికి కాళ్లు మండి చర్మం ఎర్రబడింది.

జగన్నాథం, రాయగడ

అలా ఉండకూడదు బాబూ. తడిసిన మనిషి నడిచే వత్తి లాంటివాడు. ముందు మడుగుకు దూరంగా వెళ్లి, బట్టలమీద బాగా నీళ్లు పోసుకుని, తడిమీదే విప్పాలి. పాలియెస్టరు బట్టను పొడిగా ఒంటిమీద నుంచి లాగితే రాపిడికి రవ్వ పుట్టవచ్చు. "గాయం లేదు" అని రాశారు, దానిని "చర్మం మండింది" అని మార్చండి.

తిరుపతి, సిరొంచ

మాది మహారాష్ట్ర వైపు, గోదావరి ఒడ్డు. మీ నివేదికలో నన్ను ఆపినది "నీళ్లు కొట్టి కడిగాము" అన్న మాట. నేను ఇంతకుముందు పనిచేసిన బంకులో ఒకసారి అలాగే కడిగాము. మా ఆవరణ శుభ్రంగా కనిపించింది. గంట తరువాత, కాలువ మీద పలకలు వేసి కట్టుకున్న టీ కొట్టు ఆయన వచ్చి, పలకల సందుల్లోంచి పెట్రోలు వాసన వస్తోందని చెప్పాడు. ఆయన పొయ్యి అప్పటికే వెలుగుతోంది. మేము పరుగెత్తి ఆర్పించాము. మీరు కడిగిన నీళ్లు ఎక్కడికి పోయాయి?

సన్యాసిరావు, పర్లాకిమిడి

అన్నా, మీ మాట చదివాక నేను కాలువ వెంట నడిచి చూశాను. రోడ్డు పక్కన ముప్ఫై అడుగుల దాకా పలకలు కప్పి ఉంది. దానిమీద ఒక పకోడీల బండి ఉంటుంది. ఆ రోజు ఆయన రాలేదు. ఆ కాలువ చివరకు మహేంద్రతనయ నదిలోకే పోతుంది.

జగన్నాథం, రాయగడ

తిరుపతి గారు చెప్పినదే ఈ చర్చలో అన్నిటికంటే విలువైన మాట. పెట్రోలు నీటికంటే తేలిక కనుక పైన తేలి, నీళ్లు ఎక్కడికి పోతే అక్కడికి పోతుంది. ఆరుబయట పది నిమిషాల్లో చెదిరిపోవలసిన ఆవిరిని మనమే మూసిన కాలువలో నిల్వచేసినట్టు అవుతుంది. సబ్బు పొడి వేస్తే పెట్రోలు సన్నని బిందువులుగా విడిపోయి నీళ్లలో కలిసినట్టు కనిపిస్తుంది, కానీ ఎక్కడికీ పోదు. పైగా ఇప్పుడు మనం అమ్మే పెట్రోలులో ఇథనాలు కలిసి ఉంది. అది నిజంగానే నీళ్లలో కలిసిపోతుంది, దానిని మళ్లీ వేరుచేసి తీయలేము.

ఇసుక విషయంలో మూడు బకెట్లు చాలవు. ఇసుక పెట్రోలును పీల్చుకోదు, తన గింజల సందుల్లో పట్టుకుంటుంది, అంతే. మూడు లీటర్ల ఇసుక ఒక లీటరును పట్టగలిగితే గొప్ప. 11 లీటర్లకు ముప్ఫై అయిదు లీటర్ల ఇసుక కావాలి. మన ఎర్ర బకెట్టు 9 లీటర్లది కనుక నిండుగా ఉన్నవి నాలుగు కావాలి, వాటిలో కూడా వాన తడి, పాన్ ఉమ్ములు లేని పొడి ఇసుక ఉండాలి. మొదటి బకెట్టు మడుగు మధ్యలో పోయకూడదు. కాలువ మూతి దగ్గర, పల్లపు అంచున గట్టులా పోసి దారి మూసేయాలి. తరువాత అంచుల నుంచి లోపలికి రావాలి. ఇదంతా గాలి వచ్చే వైపు నిలబడి, పొడి రసాయనం ఉన్న మంటలార్పే సిలిండరును పిన్ను తీసి ఒకరు చేత పట్టుకుని ఉండగా చేయాలి.

ఇసుక చల్లగానే పని అయిపోయిందనుకోవద్దు. ఇసుకలోంచి కూడా ఆవిరి లేస్తూనే ఉంటుంది. ఇనుప పారతో కాంక్రీటును గీకకుండా చెక్క పలకతోనో ప్లాస్టిక్ చేటతోనో ఎత్తి, మూత ఉన్న రేకు డబ్బాలో వేసి, ఆరుబయట నీడలో, బళ్లు రాని చోట పెట్టాలి. తరువాత నేలను గాలికి వదిలేయాలి. ఆవిరిని కొలిచే చేతి పరికరం ఉంటే నేలకు చేరువగా, కాలువ మూతి దగ్గర పెట్టి చూడాలి. వాసన రావడం లేదన్న దాన్ని పట్టుకుని పంపు నడపకండి. కాసేపు పీల్చాక ముక్కు మొద్దుబారుతుంది.

సన్యాసిరావు, పర్లాకిమిడి

మా దగ్గర ఆ పరికరం లేదు. అరగంట అన్నది కూడా బళ్ల వరస పెరిగిందని పెట్టుకున్నదే. ఇసుకను మేము ఊడ్చి వెనుక గోడ పక్కన కుప్ప పోశాము. ఈ రోజు దానిని డబ్బాలో వేస్తాను. తరువాత ఎవరికి అప్పగించాలో మేనేజరు గారిని అడగాలి.

లక్ష్మి, గుణుపురం

పోలీసులకు చెప్పాలా అని మా బంకులో కూడా ఒకసారి ప్రశ్న వచ్చింది. 1934 పెట్రోలియం చట్టం 27వ సెక్షన్ ప్రకారం, పెట్రోలు అంటుకుని పేలుడో మంటో జరిగి, ప్రాణానికి గానీ, మనిషికి లేదా ఆస్తికి తీవ్రంగా గానీ హాని జరిగినప్పుడు వెంటనే తెలియజేయాలి. మీ దగ్గర అంటుకోలేదు కనుక అది వర్తించదని నా అవగాహన. కానీ నది వైపు పోయే కాలువలోకి వెళ్లింది కదా, దాని సంగతి వేరు. కనీసం చమురు కంపెనీ వారి అధికారికి రాతపూర్వకంగా తెలియజేయమని మేనేజరు గారిని అడగండి.

జీతంలో కోత గురించి కూడా ఒక మాట. నాజిల్ చెడి ఉన్నదని మీరు కొలిచి చూపించారు. చెడిన పరికరం వల్ల జరిగిన నష్టాన్ని పనివాడి మీద వేయడం న్యాయం కాదు.

హరిప్రసాద్, బరంపురం

అమ్మా, నాజిల్ చెడిందన్నది నిజమే, నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మనిషి అక్కడే నిలబడి ఉంటే ఒక్క సెకనులో మీట వదిలేవాడు, అరలీటరుకు మించి పెద్దగా పోయేది కాదు. కోత పూర్తిగా అన్యాయమని నేను అనలేను.

తిరుపతి, సిరొంచ

ఒక మనిషి ఒకేసారి రెండు పంపులు చూస్తూ డబ్బు కూడా తీసుకోవాలని పెట్టినప్పుడు, అక్కడే నిలబడటం ఎలా కుదురుతుంది హరి గారూ? ఆ పూట మీ దగ్గర ఎంతమంది ఉన్నారు సన్యాసిరావు?

సన్యాసిరావు, పర్లాకిమిడి

నా పంపు దగ్గర ఇద్దరం ఉండాలి, ఆ సాయంత్రం ఒకరు రాలేదు. అయినా మూత ఇరికించినది నేనే, దానిని తీసివేయకుండా రాస్తున్నాను. మార్చిన భాగం ఇది.

"నాజిల్ బయటకు వచ్చిన తరువాత 19 సెకన్లపాటు ధార నేలమీద పడింది. అదే నాజిల్‌తో 5 లీటర్ల పాత్ర నిండటానికి పట్టిన సమయాన్ని బట్టి ఒలికినది 10 నుంచి 12 లీటర్ల మధ్య ఉంటుంది. అంతకుముందు కారు మీదుగా కారినది ఇందులో లేదు. తరువాత పరీక్షించగా ఈ నాజిల్ మూతి మునిగినా మూడింట రెండుసార్లు ఆగలేదు. మీటను ట్యాంకు మూతతో ఇరికించి నేను పక్కకు వెళ్లాను. ఆ పూట ఈ పంపు దగ్గర పనిలో నేను ఒక్కడినే ఉన్నాను. తడి అంచుకు రెండు మీటర్ల దూరంలో, పల్లం వైపు, ఒక బైకు స్టార్ట్ అయి వెళ్లింది. కారును స్టార్ట్ చేయకుండా తోసి తీసివేశాము. కాలువ మూతిని మూయలేదు. ఇసుక చాలలేదు. నీళ్లతో కడగడం వల్ల కొంత పెట్రోలు మూసి ఉన్న కాలువలోకి వెళ్లింది, ఎంత వెళ్లిందో కొలవలేదు. నా కాళ్ల చర్మం మండింది. ఆవిరిని కొలవకుండానే అరగంటకు పంపు తిరిగి నడిపాము."

మాస్టారూ, ఒక్క సందేహం మిగిలింది. నాజిల్ మార్చేవరకు ఆ పంపును ఆపమని అడిగితే, మీటను చేత్తోనే పట్టుకుని పోయమని అంటున్నారు. చేత్తో పట్టుకున్నంతవరకు దానిని నడపవచ్చా?

జగన్నాథం, రాయగడ

నా మట్టుకు నేను నడపనివ్వను. ఫుల్ ట్యాంకు అడిగే బండికి ఎక్కడ ఆపాలో చేతికి తెలియదు, పెట్రోలు ఉబికిన తరువాతే తెలుస్తుంది. కొత్త నాజిల్ వచ్చేవరకు దానికి ఒక గుడ్డ చుట్టి "పనిచేయదు" అని ఒడియాలోనూ తెలుగులోనూ రాసి కట్టండి. వారు అప్పటికీ నడపమంటే, మీరు అడిగిన సంగతీ వారు చెప్పిన సంగతీ తేదీతో ఇదే నివేదిక కింద రాయండి.